లాభాల రోజున ఎర్ర క్యాండిల్

2024 జూన్ 3, సోమవారం. అంతకు రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. కేంద్రంలో అధికారంలో ఉన్న కూటమికే భారీ మెజారిటీ అని దాదాపు అన్నీ తేల్చేశాయి. సోమవారం మార్కెట్ తెరవగానే కొనుగోళ్లు వెల్లువెత్తాయి. నిఫ్టీ ఒక్కరోజులో 733 పాయింట్లు పెరిగి, అప్పటికి కొత్త రికార్డు స్థాయిలో ముగిసింది. షేర్లున్నవాళ్లంతా ఆ సాయంత్రం ఖాతా చూసుకుని మురిసిపోయారు.

ఇప్పుడు ఏ యాప్‌లోనైనా నిఫ్టీ చార్టు తెరిచి, రోజువారీ క్యాండిల్స్ పెట్టుకుని, ఆ తేదీ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడ కనిపించేది ఎర్ర క్యాండిల్.

కొత్తగా చార్టులు చూస్తున్నవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడతారు. పచ్చగా ఉంటే పెరిగినట్టు, ఎర్రగా ఉంటే తగ్గినట్టు అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట సగమే నిజం. క్యాండిల్ తన రంగు కోసం నిన్నటి ముగింపు వైపు చూడదు. ఈరోజు ఎక్కడ మొదలైందో, ఈరోజు ఎక్కడ ముగిసిందో ఆ రెండే దానికి లెక్క. మొదలైన చోటు కన్నా పైన ముగిస్తే పచ్చ, కింద ముగిస్తే ఎరుపు. అంతకుముందు శుక్రవారం నిఫ్టీ 22,531 దగ్గర ముగిసింది. సోమవారం పొద్దున ఏకంగా 23,338 దగ్గర మొదలైంది. అంటే 807 పాయింట్ల పెరుగుదల మార్కెట్ తెరుచుకునే సరికే జరిగిపోయింది. దీన్నే ట్రేడర్లు గ్యాప్ అప్ అంటారు. ఆ తర్వాత రోజంతా గడిచి సూచీ 23,264 దగ్గర ముగిసింది. మొదలైన చోటు కన్నా 74 పాయింట్లు కింద. అందుకే ఎరుపు.

ఆ రంగు అబద్ధమేమీ చెప్పలేదు. శుక్రవారమే కొని ఉంచుకున్నవాళ్లకు లాభం వచ్చింది. సోమవారం పొద్దున ఉత్సాహం కొద్దీ తెరవగానే కొన్నవాళ్లు సాయంత్రానికి కాస్త నష్టంలో ఉన్నారు. యాప్‌లో పైన కనిపించే శాతం మొదటివాళ్ల లెక్క, క్యాండిల్ రంగు రెండోవాళ్ల లెక్క. రెండూ ఒకే రోజువే.

ఒక్కో క్యాండిల్‌లో ఉండేవి నాలుగే అంకెలు: ఆ వ్యవధిలో మొదటి ధర, అత్యధిక ధర, అత్యల్ప ధర, ముగింపు ధర. వీటినే ఓపెన్, హై, లో, క్లోజ్ అంటారు. చార్టు మీద వేలు పెట్టగానే పై మూలన O, H, L, C అక్షరాల పక్కన కనిపించే అంకెలు ఇవే. ఓపెన్‌కీ క్లోజ్‌కీ మధ్య గీసిన లావుపాటి భాగం బాడీ. బాడీ పై అంచు నుంచి హై దాకా, కింది అంచు నుంచి లో దాకా సాగే సన్నటి గీతలు విక్స్. కొందరు షాడో అంటారు. పచ్చ క్యాండిల్‌లో ఓపెన్ కింది అంచున, క్లోజ్ పై అంచున ఉంటాయి. ఎర్రదానిలో తలకిందులు. హై ఎప్పుడూ పైనే, లో ఎప్పుడూ కిందే.

జూన్ 3 నాటి క్యాండిల్‌నే తీసుకుంటే ఓపెన్ 23,338, హై 23,339, లో 23,062, క్లోజ్ 23,264. హైకీ ఓపెన్‌కీ ఒక్క పాయింటే తేడా కాబట్టి పైన విక్ కంటికి ఆనదు. బాడీ 74 పాయింట్లు, కింద విక్ దాదాపు 200. ఈ బొమ్మను మాటల్లో పెడితే ఇలా ఉంటుంది: పొద్దున తెరుచుకున్న ధరే దాదాపు ఆ రోజుకు గరిష్ఠం, అంతకు మించి ఇచ్చి కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు, మధ్యలో 275 పాయింట్ల దాకా జారింది, సాయంత్రానికి అందులో చాలావరకు కోలుకుంది. రికార్డు స్థాయి ముగింపు అన్న పతాక శీర్షికలో ఈ ముక్కలేవీ దొరకవు.

ఈ నాలుగింటిలో హై, లో అర్థం చేసుకోవడం తేలిక. ఓపెన్, క్లోజ్ ఎలా పుడతాయన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. మన ఎక్స్ఛేంజీల్లో మామూలు ట్రేడింగ్ 9:15కి మొదలవుతుంది. దానికి ముందు 9 గంటల నుంచి ప్రీ ఓపెన్ అనే చిన్న ఘట్టం ఉంది. మొదటి ఏడెనిమిది నిమిషాల్లో కొనేవాళ్ల ఆర్డర్లు, అమ్మేవాళ్ల ఆర్డర్లు పోగుచేస్తారు. ఆ తర్వాత ఏ ధర దగ్గరైతే అత్యధిక సంఖ్యలో షేర్లు చేతులు మారగలవో ఆ ధరను ఓపెన్‌గా ఖాయం చేస్తారు. రాత్రంతా పోగైన వార్తలు, ఆశలు, భయాలు అన్నీ ఆ ఒక్క అంకెలోకి దిగుతాయి. గ్యాప్ పుట్టేది అక్కడే.

క్లోజ్ సంగతి వేరు. మనం చెప్పుకుంటున్న 2024 నాటి పద్ధతి ప్రకారం, ఒక షేరు ముగింపు ధర అంటే 3:30కి జరిగిన ఆఖరి లావాదేవీ ధర కాదు. చివరి అరగంటలో, అంటే 3 నుంచి 3:30 మధ్య జరిగిన లావాదేవీలన్నిటి సగటు. ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకు ఆ సగటులో ఎక్కువ బరువు. నిఫ్టీ ముగింపును కూడా అందులోని 50 షేర్ల ముగింపు ధరల నుంచే లెక్కగడతారు. అందుకే 3:30కి మీ తెర మీద చూసిన అంకె, సాయంత్రం వార్తల్లో చెప్పిన అంకె ఒక్కోసారి కొద్దిగా తేడాగా ఉంటాయి. యాప్ తప్పు కాదది. ఆఖరి నిమిషంలో ఎవరో ఒక్క పెద్ద ఆర్డర్‌తో ధరను అటో ఇటో నెట్టేసి రోజు లెక్కను మార్చేయకుండా పెట్టుకున్న ఏర్పాటు.

ఇక మరునాడు, జూన్ 4. ఓట్ల లెక్కింపు రోజు. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ ఓట్లు కూడా అదేరోజు లెక్కించడంతో తెలుగు ఇళ్లలో టీవీల ముందు నుంచి జనం లేచిందే లేదు. లెక్కింపు 8 గంటలకు మొదలైంది. కేంద్రంలో ఎగ్జిట్ పోల్స్ చెప్పినంత ఏకపక్షంగా లేదని క్రమంగా తేలుతూ వచ్చింది. చివరికి బీజేపీకి సొంతంగా వచ్చినవి 240 సీట్లు, మెజారిటీకి కావలసినవి 272.

ఆ రోజు క్యాండిల్ ఓపెన్ 23,180. హై కూడా అదే అంకె. లో 21,281. క్లోజ్ 21,885. ముందురోజు ముగింపు కన్నా 1,379 పాయింట్లు కింద, అంటే దాదాపు 6 శాతం పతనం.

ఈ క్యాండిల్‌ను కొంచెం నిదానంగా చదవాలి. ముందుగా ఓపెన్ చూడండి. ముందురోజు ముగింపు 23,264 అయితే, ఇది మొదలైంది 23,180 దగ్గర. అంటే 84 పాయింట్లే తక్కువ. 9:15కి మార్కెట్‌కు పెద్ద భయమేమీ లేదన్నమాట. తర్వాత హై చూడండి. ఓపెన్, హై ఒకటే కావడంతో బాడీ మీద విక్ అసలు లేదు. తెరిచిన క్షణం నుంచి సూచీ ఒక్కసారి కూడా ఆ స్థాయిని దాటి పైకి పోలేదు. పొద్దున కొన్నవాళ్లలో లాభంతో బయటపడే అవకాశం దొరికినవాళ్లు ఆ రోజు చాలా తక్కువ. బాడీ పొడవు 1,295 పాయింట్లు. జూన్ 3 నాటి 74 పాయింట్ల బాడీ దీని పక్కన ముక్కలా కనిపిస్తుంది. పొడుగు బాడీ అంటే ఒక పక్షం రోజంతా గట్టిగా తోసిందని అర్థం. ఆ రోజు ఆ పక్షం అమ్మేవాళ్లది.

అసలు సంగతి కింద విక్‌లో ఉంది. లో 21,281 నుంచి క్లోజ్ 21,885 దాకా 600 పాయింట్ల పైచిలుకు పొడవు. ఒకదశలో 1,900 పాయింట్లు కిందికి జారిన సూచీ, అందులో దాదాపు మూడో వంతును సాయంత్రంలోపు తిరిగి సంపాదించుకుంది. అంత కంగారులోనూ అట్టడుగున ఎవరో కొన్నారు. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో క్యాండిల్ చెప్పదు. కొన్నారన్నంత వరకే చెబుతుంది.

ఆ మధ్యాహ్నం సూచీ 21,281ని తాకిన నిమిషంలో చార్టు చూస్తున్న మనిషికి ఈ విక్ కనిపించి ఉండదు. ఆ క్షణంలో ఉన్న ధరే లో, ఉన్న ధరే తాత్కాలికంగా క్లోజ్. తెర మీద ఉన్నది కింద విక్ లేని నిండు ఎర్ర దిమ్మ. వీక్షకుడికి అది పాతాళానికి దారిలాగే కనబడుతుంది. సాయంత్రానికి అదే క్యాండిల్‌కు పొడుగాటి తోక వచ్చింది. వ్యవధి పూర్తికాని క్యాండిల్ ఆకారం ఏ నిమిషానికి ఆ నిమిషం మారుతూనే ఉంటుంది. రోజువారీ చార్టు చూసేవాళ్లు మార్కెట్ మూసేదాకా ఆ రోజు క్యాండిల్‌కు ఏ పేరూ పెట్టకుండా ఉంటే మంచిది. చార్టుల వల్ల కొత్తవాళ్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ తొందరపాటు వల్లే అని నా అభిప్రాయం.

జూన్ 5న సూచీ 22,128 దగ్గర, అంటే ముందురోజు ముగింపు కన్నా 243 పాయింట్లు పైన మొదలైంది. మళ్లీ 21,792 దాకా జారి, అక్కడి నుంచి లేచి 22,670ని తాకి, 22,620 దగ్గర ముగిసింది. పచ్చ క్యాండిల్, బాడీ 492 పాయింట్లు, కింద 336 పాయింట్ల విక్, పైన 50 పాయింట్ల చిన్న విక్. ఇక్కడ చూడాల్సింది క్లోజ్, హైకి ఎంత దగ్గరగా ఉందన్నది. రోజులో తాకిన అత్యధిక ధరకు దగ్గర్లో ముగిసిందంటే మార్కెట్ మూసే వేళకు కూడా కొనేవాళ్లు వెనక్కి తగ్గలేదని. అదే హై నుంచి బాగా కిందికి వచ్చి ముగిసి, పైన పొడుగాటి విక్ మిగిలి ఉంటే, పైకి వెళ్లిన ధరను అమ్మకాలు కిందికి దించేశాయని అర్థం. నా మటుకు నేను క్యాండిల్ రంగు కన్నా ముందు చూసేది దీన్నే: హైకీ లోకీ మధ్య ఉన్న దూరంలో క్లోజ్ ఎక్కడ నిలబడింది? జూన్ 4న కింది మూడో వంతులో, జూన్ 5న దాదాపు కొసన.

ఇంతదాకా చెప్పింది క్యాండిల్ చూపించేది. అది దాచేది కూడా ఉంది. నాలుగు అంకెలు చెప్పే క్యాండిల్, వాటిలో హై ముందు వచ్చిందా లో ముందు వచ్చిందా అన్నది చెప్పదు. ఒక షేరు 500 రూపాయల దగ్గర మొదలై, 520 హై, 480 లో చూసి, 510 దగ్గర ముగిసిందనుకుందాం. పొద్దున్నే 480కి పడి, అక్కడి నుంచి రోజంతా మెల్లగా 520 దాకా ఎక్కి, చివర్లో 510కి తగ్గి ఉండొచ్చు. లేదా పొద్దున 520కి ఎగిరి, మధ్యాహ్నం 480కి కుప్పకూలి, ఆఖరి గంటలో 510కి దూసుకొచ్చి ఉండొచ్చు. ఈ రెండు రోజుల్లో మనిషి పడే బాధ వేరు, స్టాప్ లాస్ పెట్టుకున్నవాళ్లకు కలిగే ఫలితమూ వేరు. 490 దగ్గర స్టాప్ లాస్ పెట్టి పొద్దున 500కి కొన్నవాడు రెండు సందర్భాల్లోనూ నష్టంతో బయటికి వచ్చేస్తాడు. కాకపోతే రెండోదాంట్లో ముందు 20 రూపాయల లాభం కళ్లజూసి మరీ. క్యాండిల్ మాత్రం రెండింటికీ ఒక్కటే.

వరుస తెలియాలంటే వ్యవధి తగ్గించి చూడాలి. మన మార్కెట్ రోజుకు ఆరుంపావు గంటలు నడుస్తుంది. 15 నిమిషాల చార్టు పెట్టుకుంటే ఒక్క రోజువారీ క్యాండిల్ 25 చిన్న క్యాండిల్స్‌గా విడిపోతుంది. అందులో మొదటిదాని ఓపెన్ రోజు ఓపెన్ అవుతుంది, 25లో అన్నిటికన్నా పై కొస రోజు హై, అన్నిటికన్నా కింది కొస రోజు లో. చివరిదాని క్లోజ్ దాదాపుగా రోజు క్లోజ్. దాదాపుగా అనడానికి కారణం పైన చెప్పిన అరగంట సగటు.

వ్యవధి పెంచితే ఇదే పని వెనక్కి జరుగుతుంది. జూన్ 3 నుంచి 7 దాకా ఐదు రోజులనూ కలిపి వారం క్యాండిల్ చేస్తే, సోమవారం ఓపెన్ 23,338, వారంలో హై 23,339, లో మంగళవారం నాటి 21,281. శుక్రవారం క్లోజ్ 23,290. బాడీ 48 పాయింట్లే! దాని కింద రెండు వేల పాయింట్ల పొడుగు విక్. మంగళవారం ఎంతమంది ఎంత నష్టానికి అమ్ముకున్నారో, వారం చార్టు మాత్రమే చూసే మనిషికి అదంతా ఒక సన్నటి గీత. నెల చార్టులోకి వెళ్తే అదీ మారిపోతుంది. ఆ జూన్ నెలాఖరుకు నిఫ్టీ 24,000 దాటి ముగిసింది కాబట్టి నెల క్యాండిల్ పచ్చగా ఉంటుంది. ఓపెన్ మాత్రం అదే 23,338. ఆ ఒకే అంకె నుంచి మొదలై జూన్ 3 రోజు క్యాండిల్ ఎరుపు, ఆ వారం క్యాండిల్ ఎరుపు, ఆ నెల క్యాండిల్ పచ్చ.

కాబట్టి చార్టు ఎర్రగా ఉందనో పచ్చగా ఉందనో ఎవరైనా అంటే, ఏ వ్యవధి చార్టు అని అడగాల్సి వస్తుంది. అయిదేళ్లు ఉంచుకుందామని కొంటున్న మనిషి 5 నిమిషాల క్యాండిల్స్ చూసి బెదిరిపోవడంలో అర్థం లేదు. పొద్దున కొని సాయంత్రం అమ్మేవాడికి నెల క్యాండిల్ పెద్దగా అక్కరకు రాదు. కొత్త మదుపరికి వారం చార్టు నయం అనుకుంటాను. వారానికి ఒక్కటే కొత్త క్యాండిల్ పుడుతుంది, తొందరపడే సందర్భాలు తగ్గుతాయి.

చార్టే మోసం చేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రిలయన్స్ 2024 అక్టోబరు 28న ఒక షేరుకు ఒక షేరు బోనస్ ఇచ్చింది. అంటే షేర్ల సంఖ్య రెట్టింపు, ధర సగం. శుక్రవారం 2,655 రూపాయల దగ్గర ముగిసిన షేరు సోమవారం దాదాపు సగం ధర దగ్గర మొదలైంది. ఎవరూ ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోలేదు. పాత ధరలను సర్దని చార్టులో మాత్రం అది గుండె జారిపోయేంత గ్యాప్ డౌన్‌లా కనబడుతుంది. చాలా యాప్‌లు పాత క్యాండిల్స్‌ను కూడా సగానికి తగ్గించి సర్దేస్తాయి. కొన్ని ఆలస్యంగా సర్దుతాయి. ఏ వార్తా లేకుండా ధర సరిగ్గా సగమో, అయిదో వంతో, పదో వంతో అయినట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది బోనస్, స్ప్లిట్‌లనే.

రెండోది పలచగా ట్రేడయ్యే చిన్న షేర్లలో కనిపిస్తుంది. రోజుకు కొన్ని వందల షేర్లే చేతులు మారే చోట, ఎవరో తొందర్లో పెట్టిన ఒక్క ఆర్డర్ చాలు, ధర అంత దూరం వెళ్లి వెనక్కి రావడానికి. క్యాండిల్‌కు పొడుగాటి విక్ వస్తుంది. నిఫ్టీ విక్‌లో వేల కోట్ల లావాదేవీలు ఉంటాయి, ఇక్కడ పది షేర్లు ఉండొచ్చు. బొమ్మ ఒకేలా ఉంటుంది. తేడా తెలియాలంటే క్యాండిల్ కింద ఉండే వాల్యూమ్ దిమ్మెను చూడాలి. అది చుట్టుపక్కల రోజుల కన్నా పొట్టిగా ఉంటే ఆ విక్‌ను పెద్దగా లెక్కచేయనక్కర్లేదు.

ఇంకొకటి, చార్టు రకాల జాబితాలో క్యాండిల్స్ పక్కనే హైకిన్ ఆషి అన్న పేరు ఉంటుంది. పొరపాటున దాని మీద వేలు పడితే తెర మీద నున్నగా, వరుసగా పచ్చ, వరుసగా ఎరుపుగా అందమైన చార్టు వస్తుంది. చూడ్డానికి అచ్చం క్యాండిల్సే. కానీ వాటి బాడీ అంచులు సగటు లెక్కలు. అందులో కనిపించే ఓపెన్, క్లోజ్ దగ్గర ఎవరూ కొని ఉండకపోవచ్చు, అమ్మి ఉండకపోవచ్చు. ఆ అంకె చూసి ఆర్డర్ పెడితే ధర కుదరదు.

ఇక పేర్ల గొడవ. క్యాండిల్ ఆకారాలకు హ్యామర్, డోజీ, మారుబోజు, మార్నింగ్ స్టార్ అంటూ పదుల కొద్దీ పేర్లున్నాయి. ఈ చార్టుల పుట్టిల్లు జపాన్ బియ్యం వ్యాపారం. ఒసాకాలోని డోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో అక్కడి ప్రభుత్వ గుర్తింపు దొరికింది. సకటా ఊరి బియ్యం వర్తకుడు హొమ్మా మునెహిసా వీటిని కనిపెట్టాడని ప్రచారంలో ఉన్నా, ఇవాళ్టి రూపంలో ఆయనే గీశాడనడానికి గట్టి ఆధారం లేదు. 1991లో స్టీవ్ నిసన్ అనే అమెరికన్ ఇంగ్లీషులో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకాయి. ఇప్పుడు ఈ పేర్లు నేర్పడమే ఒక వ్యాపారం. డబ్బు కట్టించుకుని, ఫలానా ఆకారం వచ్చిందంటే మర్నాడు ధర పెరిగి తీరుతుందని చెప్పేవాళ్లకు కొదవ లేదు.

ఆ మాటను పరీక్షించినవాళ్లూ ఉన్నారు. న్యూజిలాండ్‌కు చెందిన మార్షల్, యంగ్, రోజ్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా డౌ జోన్స్ సూచీలోని పెద్ద షేర్ల ధరలు తీసుకుని, 1992 నుంచి 2002 దాకా పేరున్న క్యాండిల్ ఆకారాలు చూసి కొని ఉంటే, అమ్మి ఉంటే ఏమయ్యేదో లెక్కగట్టారు. 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఆ ఆకారాలను నమ్ముకుంటే ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. అది అమెరికా షేర్ల సంగతి, రోజువారీ చార్టుల సంగతి. మన మార్కెట్‌లో ఆ ఆకారాలు పనిచేస్తాయని అనేవాళ్లు ఇక్కడి ధరలతో అలాంటి లెక్క చూపించాలి. నాలుగు అచ్చొచ్చిన చార్టులు ఏరి చూపిస్తే సరిపోదు. హ్యామర్ వచ్చినా ధర పడిపోయిన చార్టులు వాళ్ల పాఠాల్లో కనిపించవు.

జూన్ 3తో మొదలైన ఆ వారం క్యాండిల్‌ను హ్యామర్‌గా చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాతి వారాల్లో మార్కెట్ పెరిగిన మాటా నిజమే. కానీ ఆ క్యాండిల్ పూర్తయింది జూన్ 7, శుక్రవారం సాయంత్రం, సూచీ 23,290 దగ్గర ఉండగా. హ్యామర్ అని నిర్ధారించుకుని సోమవారం కొన్నవాడికి, మంగళవారం అట్టడుగు ధరకూ తను పెట్టిన ధరకూ మధ్య ఉన్న రెండు వేల పాయింట్లు అప్పటికే దక్కకుండా పోయాయి.